చూడని కాగితానికి జవాబు రాయకండి, ముందు కాపీ అడగండి

ప్రశ్న: సార్, మాది కావలి. 2021లో 45 అంకణాల ఇంటి స్థలం ఒక వెంచర్ వాళ్లకి అమ్మాను. డబ్బంతా బ్యాంకులోనే పడింది. తర్వాత ఆ వెంచర్ ఆఫీసులో ఇన్‌కమ్ ట్యాక్స్ సోదాలు జరిగాయట. నాకు 18 లక్షలు నగదుగా ఇచ్చామని వాళ్ల మేనేజరు స్టేట్‌మెంట్ ఇచ్చాడని, ఏదో కాగితంలో నా పేరుందని షోకాజ్ నోటీసు వచ్చింది. ఆ 18 లక్షలు నా ఆదాయంలో ఎందుకు కలపకూడదో వారంలో చెప్పమన్నారు. ఆ కాగితం, ఆ స్టేట్‌మెంట్ నేను చూడలేదు. మా ఆడిటర్ గారు ఏదో ఒక వివరణ రాసి పంపేద్దాం అంటున్నారు. కాపీలు అడిగే హక్కు నాకుందా? అడిగితే ఆఫీసరుకి కోపం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, కావలి

సమాధానం:

హక్కు ఉంది. ఈ వారం గడువు దాటక ముందే రాతపూర్వకంగా అడగండి. మీ ఆడిటర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, "ఏదో ఒక వివరణ" మాత్రం పంపొద్దు. నేను ఇరవై ఏళ్లకు పైగా నెల్లూరులో ఇవే కేసులు చూస్తున్నాను. నోటీసు వల్ల దెబ్బతిన్న వాళ్లకంటే, భయంతో మొదట రాసిన జవాబు వల్ల దెబ్బతిన్న వాళ్లనే ఎక్కువగా చూశాను.

ఒకావిడ సంగతి చెబుతాను. ఆమెకీ మీకు వచ్చినలాంటి నోటీసే వచ్చింది. ఎవరో సలహా ఇస్తే, "ఆ డబ్బు మా మాగాణి మీద వచ్చిన వ్యవసాయ ఆదాయం" అని రాసి పంపించింది. నిజానికి ఆమె ఆ నగదు తీసుకోనే లేదు. కానీ ఆ ఒక్క వాక్యంతో డబ్బు చేతికొచ్చిందని తానే ఒప్పుకున్నట్టయింది. తర్వాత కాపీలు తెప్పించి చూస్తే ఆ కాగితంలో ఆమె పేరు కూడా సరిగ్గా లేదు. అప్పటికి ఆఫీసరు చేతిలో కాగితంతో పాటు ఆమె సొంత సంతకంతో జవాబు కూడా ఉంది. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవడానికి అప్పీలులో మూడేళ్లు పట్టింది. అందుకే, కాగితం చూడకుండా దాన్ని వివరించే ప్రయత్నం చేయొద్దంటున్నాను.

మీ కేసులో ఎంత డబ్బు ముడిపడి ఉందో కూడా చూడండి. లెక్క చూపని డబ్బు కింద కలిపితే మామూలు స్లాబులు వర్తించవు. మీ సంవత్సరానికి 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, ఆ పైన 4 శాతం సెస్సు, అన్నీ కలిపి 78 శాతం. 18 లక్షల మీద అది 14 లక్షల 4 వేలు. వడ్డీ, జరిమానా వేరు. ఇంత డబ్బు కట్టమనేటప్పుడు ఆ ఆధారం మీకు చూపించమనడంలో తప్పేమీ లేదు.

ఇక హక్కు ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1961 ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చినా మీ 2021 నాటి వ్యవహారం పాత చట్టం కిందే నడుస్తుంది. విచారణలో సేకరించి మీ అసెస్‌మెంట్‌లో వాడదలచుకున్న సమాచారం మీద మీకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 142(3) సెక్షన్ అంటుంది. దీనికి సుప్రీంకోర్టు 1980లో కిషిన్‌చంద్ చెల్లారాం కేసులో గట్టి పునాది వేసింది. మద్రాసు నుంచి బొంబాయికి టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్‌లో వెళ్లిన 1,07,350 రూపాయలు ఆ సంస్థదేనని బ్యాంకు మేనేజరు ఉత్తరం ఆధారంగా కలిపారు. ఆ ఉత్తరాన్ని అసెస్‌మెంట్ అప్పుడు సంస్థకు చూపలేదు, మేనేజరును ప్రశ్నించే అవకాశమూ ఇవ్వలేదు. చూపని ఉత్తరాన్ని ఆధారంగా వాడకూడదని కోర్టు తేల్చింది. 2015లో అండమాన్ టింబర్ కేసు ఎక్సైజ్ పన్నుది. సాక్షుల మాటల మీదే ఆర్డరు నిలబడినప్పుడు, అడిగినా వాళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేయనివ్వకపోవడం ఆర్డరునే చెల్లకుండా చేసేంత పెద్ద లోపమని అందులో చెప్పారు. ఆదాయపు పన్ను కేసుల్లోనూ ఆ తీర్పును తరచూ ఉదహరిస్తారు.

"అడిగినా" అన్న మాట గమనించండి. అడగకుండా ఊరుకుని, ఆర్డరు వచ్చాక "నాకు చూపలేదు" అంటే అప్పీలులో మొదట ఎదురయ్యే ప్రశ్న "మీరు ఎప్పుడు అడిగారు, ఏం అడిగారు?" అన్నదే. అందుకే రాతలో అడగాలి, తేదీ ఉండాలి, రసీదు ఉండాలి.

ఆఫీసరు కోపం సంగతి. మీ నోటీసు ఫేస్‌లెస్ పద్ధతిలో వచ్చి ఉంటే ఆయన ఏ ఊళ్లో కూర్చున్నారో మీకు తెలియదు, మీ ఊరు ఆయనకూ తెలియకపోవచ్చు. చాలా కేసుల్లో సోదా చేసిన విభాగం పంపిన సారాంశమే ఆయన ముందుంటుంది. పేరు, పాన్, మొత్తం, నాలుగు లైన్ల కథ అంతే. అసలు కాగితాన్ని ఆయనా చూసి ఉండకపోవచ్చు. మీరు అడిగితే ఆయన ఆ విభాగం నుంచి తెప్పించుకోవాలి. ఇది రోజూ జరిగే పనే, దీన్ని ఎవరూ ఎదురుతిరగడంగా తీసుకోరు. ఆధారం ఇచ్చి రాసిన ఆర్డరు అప్పీలులో నిలబడుతుంది కాబట్టి ఆయనకీ అది మంచిదే.

కాపీ ఎందుకంత ముఖ్యమో ఒక కేసులో చూపిస్తాను. కోవూరు వైపు ఒక రైతు, సుబ్బయ్య అనుకుందాం, 60 అంకణాలు అమ్మాడు. నోటీసులో 27 లక్షలు నగదు అన్నారు. మేనేజరు స్టేట్‌మెంట్ నుంచి ఒకే ఒక జవాబు ఎత్తి రాశారు: "పేజీ 41లో ఉన్నవి స్థలాలు కొన్నప్పుడు ఇచ్చిన డబ్బు వివరాలు. కొంత నగదుగా, కొంత బ్యాంకు ద్వారా ఇచ్చాం." చదవగానే పని అయిపోయిందనిపిస్తుంది. మేం పూర్తి స్టేట్‌మెంట్, పేజీ 41తో పాటు దాని ముందు వెనక పేజీలూ అడిగాం. రెండోసారి అడిగాక వచ్చాయి.

పేజీ 41 ఒక గళ్ల నోటుబుక్కులో కాగితం. మీద తేదీ లేదు, సంతకం లేదు. మధ్యలో ఒక వరస: "సుబ్బయ్య – కో – 600 – 27". కో అంటే కోవూరే అనుకోవచ్చు. కానీ నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. మా సుబ్బయ్య అమ్మిన 60 అంకణాలు 480 గజాలు అవుతాయి, 600 కావు. పక్క వరసల్లో అంకెలు ఆ వెంచర్ కొన్న వేరే స్థలాల గజాలతో సరిపోయాయి కాబట్టి ఆ నిలువు గడి గజాలదే అని తేలింది. అంటే 600 గజాలు అమ్మిన సుబ్బయ్య ఇంకెవరో ఉన్నారు. మన వైపు ఒక ఊళ్లో పదిమంది సుబ్బయ్యలుంటారని ఎక్కడో దూరాన ఉన్న ఆఫీసరుకి ఎలా తెలుస్తుంది? మనమే చూపించాలి.

స్టేట్‌మెంట్‌లో ఇంకో సంగతి బయటపడింది. నోటీసులో ఎత్తి రాసిన జవాబు 14వ ప్రశ్నది. 15వ ప్రశ్న, "27 అని ఉన్న అంకె ఎంత, ఎవరికి ఇచ్చారు?" దానికి మేనేజరు, "ఇప్పుడు గుర్తులేదు, రికార్డు చూసి చెప్పాలి" అన్నాడు. తర్వాత చెప్పినట్టు ఎక్కడా లేదు. నోటీసులో 14 ఉంది, 15 లేదు. కావాలని దాచారని నేను అనను. సారాంశం తయారుచేసేవాళ్లు తమకు పనికొచ్చిన లైను తీసుకుంటారు, మిగతాది ఫైల్లో ఉండిపోతుంది. అందుకే "సంబంధిత భాగం నోటీసులోనే ఇచ్చాం" అంటే సరేనని ఊరుకోకూడదు. పూర్తి స్టేట్‌మెంటే అడగాలి. గజాల లెక్క, దస్తావేజు కాపీ, 15వ జవాబు పెట్టి వివరణ ఇచ్చాం. ఆర్డరులో ఆ 27 లక్షలు కలపలేదు. కలిపి ఉంటే 21 లక్షల 6 వేల పన్ను పడేది.

మీ కేసులో కూడా కాగితం రాగానే మొదట 45 గానీ 360 గానీ ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడండి. తర్వాత తేదీ. మీ రిజిస్ట్రేషన్‌కు ముందుదా, తర్వాతదా, ఏ చేతిరాత, ఎవరి సంతకం. స్టేట్‌మెంట్ ఏ సెక్షన్ కింద తీసుకున్నారో పైనే రాసి ఉంటుంది, అది కూడా చూడండి. సోదాలో 132(4) కింద తీసుకున్నదైతే ప్రమాణం చేయించి తీసుకుంటారు. సర్వేలో 133ఏ కింద తీసుకున్న దానికి ప్రమాణం ఉండదు, కాబట్టి దానికి ఒంటరిగా అంత విలువ ఇవ్వరు. ఎవరి దగ్గర కాగితం దొరికితే అది వాళ్లదని, అందులోది నిజమని చట్టం ఊహిస్తుంది. కానీ ఆ ఊహ దొరికిన వాళ్ల మీద చేసేది. అందులో పేరు కనబడిన మీ మీద దాన్ని నేరుగా మోపలేరు, ఇంకో ఆధారం కావాలి.

ఇప్పుడు ఉత్తరం ఎలా రాయాలో చెబుతాను. "నాకు సంబంధించిన పత్రాలన్నీ ఇవ్వండి" అని రాస్తే "ఇచ్చాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నోటీసు ముందు పెట్టుకోండి. ఏ పేరాలో ఏ ఆధారం పేరెత్తారో దాని పక్కన పెన్సిలుతో గీత పెట్టండి. ఒక్కో గీతకు ఒక్కో కాపీ అడగండి. కొలతగా ఉంటుందని ఒక నమూనా ఇస్తున్నాను. ఇంగ్లీషులోకి మీ ఆడిటర్ గారితో మార్పించుకోండి.

"మీ షోకాజ్ నోటీసు అందింది. అందులో చెప్పిన 18 లక్షల నగదును నేను తీసుకోలేదు. అమ్మకం సొమ్మంతా బ్యాంకు ద్వారానే వచ్చింది. దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతపరుస్తున్నాను. నోటీసు 4వ పేరాలో ప్రస్తావించిన మేనేజరు స్టేట్‌మెంట్ మొత్తం, అన్ని ప్రశ్నలు జవాబులతో, ఆయన తర్వాత ఇచ్చిన స్టేట్‌మెంట్లు, వెనక్కి తీసుకున్న ఉత్తరం ఏదైనా ఉంటే దానితో సహా ఇప్పించగలరు. 5వ పేరాలోని స్వాధీనం చేసుకున్న కాగితం, దాని అనెక్సరు, పేజీ నంబర్లు కనిపించేలా, ముందు వెనక పేజీలతో ఇప్పించగలరు. అది కంప్యూటర్ లేదా ఫోన్ నుంచి తీసినదైతే దాని ధ్రువీకరణ పత్రం కూడా కావాలి. నా గురించి మరెవరి దగ్గరైనా విచారణ జరిపి ఉంటే ఆ జవాబుల కాపీలు కావాలి. ఇవి అందాక పూర్తి జవాబు ఇవ్వడానికి తగిన గడువు కోరుతున్నాను. మేనేజరు మాటల మీద ఆధారపడదలిస్తే ఆయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం ఇవ్వండి. ఇప్పుడిచ్చేది ప్రాథమిక జవాబు మాత్రమే."

పేరా నంబర్లు మీ నోటీసును బట్టి మార్చుకోండి. ఇందులో మొదటి మూడు వాక్యాలు చాలామంది వదిలేస్తారు. కాపీలు అడిగి ఊరుకుంటే జవాబు ఇవ్వలేదని రాసుకుని, చేతిలో ఉన్నదాని మీదే 144 సెక్షన్ కింద ఆర్డరు వేసే ప్రమాదం ఉంది. మీకు స్వయంగా తెలిసిన సంగతి, అంటే నగదు తీసుకోలేదన్నది, బ్యాంకులో ఎంత పడిందన్నది, అది ఇప్పుడే చెప్పండి. మీకు తెలియని కాగితం గురించి మాత్రం ఒక్క మాట కూడా ఊహించి రాయకండి. "బహుశా బ్రోకరుకి ఇచ్చారేమో", "వేరే వాళ్లదేమో" అని కూడా వద్దు. కేసును తిరిగి తెరిచే ముందు పంపే 148ఏ నోటీసుకి మీరు ఇంతకుముందు జవాబు ఇచ్చి ఉంటే అది తీసి చదవండి, ఇప్పుడు రాసేది దానికి విరుద్ధంగా ఉండకూడదు. ఆ సమయంలో మీ ఖాతాలో లేదా ఇంట్లో వాళ్ల ఖాతాల్లో పెద్ద నగదు డిపాజిట్లు ఏవైనా ఉన్నాయేమో కూడా ఈ రాత్రే చూసుకోండి. అవే రేపు మిమ్మల్ని ఎదురు ప్రశ్నిస్తాయి.

నిజంగా ఆ నగదు తీసుకుని ఉంటే పై నమూనా మీకు పనికిరాదు. లేదు అని రాయకండి. ఆడిటర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడు వాదన వేరే దారిలో వెళుతుంది. అది స్థలం అమ్మిన ధరలో భాగమే, కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ కింద పన్ను వేయాలి తప్ప 78 శాతం కింద కాదన్నది అక్కడి వాదన. స్థలం అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడే సెక్షన్ కూడా ఉందని మర్చిపోకండి. ఆ దారిలోనూ కాపీలు అడగాల్సిందే, ఎంత రాసుకున్నారో చూడకుండా ఒప్పుకోవడం కూడా తప్పే.

పంపడం పోర్టల్లోనే. లాగిన్ అయ్యాక Pending Actions లో e-Proceedings తెరిచి, ఆ నోటీసు కిందే Submit Response లో పెట్టండి. గడువు పొడిగించమనే అభ్యర్థన కూడా అక్కడే విడిగా పెట్టాలి, జవాబు ఉత్తరంలో రాసినంత మాత్రాన అది నమోదు కాదు. సబ్మిట్ అయ్యాక వచ్చే రసీదు నంబరుతో ఉన్న పేజీని ప్రింట్ తీసి పెట్టుకోండి. చివరి రోజు సాయంత్రం దాకా ఆగొద్దు, గడువు దాటితే ఆ కిటికీ మూసుకుంటుంది. నెల్లూరు ఆఫీసుకి కాగితం పట్టుకెళ్లి ఇస్తే ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ ఫైల్లో అది చేరదు. ఆర్టీఐ కింద అడగమని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. దానికి 30 రోజుల గడువు ఉంటుంది, మీకున్నది ఏడు రోజులు. పైగా ఇంకొకరి సమాచారం అని తిరస్కరించే వీలుంది. కేసులో పార్టీగా అడిగే హక్కు దానికంటే బలమైనది.

కాపీలు వస్తే ఒక్కోసారి కొన్ని వరసలు నల్లగా కొట్టేసి ఇస్తారు. వేరే అమ్మకందార్ల పేర్లు, పాన్ నంబర్లు దాచడం సబబే. ఆఫీసరు ఆధారపడినదంతా అడిగే హక్కు మీది, ఫైలంతా చూసే హక్కు కాదు. కానీ మీ వరస పైన ఉన్న గడి పేరు, తేదీ, పక్కనున్న అంకెలు కొట్టేస్తే దాని అర్థమే మారిపోతుంది. అప్పుడు పేర్లు దాచి అంకెలు చూపించమని మళ్లీ రాయండి.

గడువు దగ్గర పడినా కాపీలు రాకపోతే రెండోసారి రాయండి, మొదటి ఉత్తరం తేదీ, రసీదు నంబరు వేసి. దాంతో పాటే ఉన్న సమాచారంతో పూర్తి జవాబు పెట్టేయండి. వీడియో ద్వారా మాట్లాడే అవకాశం కోరండి, పోర్టల్లోనే కోరవచ్చు. అందులో కూడా మొదటి మాట "కాపీలు అందలేదు" అన్నదే కావాలి. మీరు అడిగినంత మాత్రాన అసెస్‌మెంట్ ముగించాల్సిన కాలపరిమితి ఆగదు. మార్చి నెలాఖరు దగ్గరైతే ఆఫీసరు ఇక ఆగలేక ఆర్డరు వేసేయొచ్చు. ఈ హక్కును సాగదీయడానికి వాడుకుంటున్నారని అనిపిస్తే అప్పీలులో కూడా మీకు సానుభూతి దొరకదు.

క్రాస్ ఎగ్జామినేషన్ గురించి ఒక హెచ్చరిక. మేనేజరు మాట ఒక్కటే ఆధారమైతే ఆ అవకాశం ఇవ్వకపోవడం మీకు బలమైన పాయింటు. కానీ మీ సంతకంతో రసీదో, అదే వారంలో మీ ఖాతాలో 18 లక్షల నగదో ఉంటే, ఆయన్ని ప్రశ్నించనివ్వలేదన్న ఒక్క కారణంతో కోర్టులు ఆర్డరు కొట్టేయవు. పైగా ఆయన వచ్చి "అవును, ఈయనకే ఇచ్చాను" అని గట్టిగా చెబితే అంతకుముందు లేని ఆధారం మీరే తెచ్చిపెట్టినట్టవుతుంది. కాగితాలు చదివాకే, ఆ ప్రశ్నలు అడగడం నిజంగా మీకు లాభమా అని నిర్ణయించుకోండి. హక్కు కోరి పెట్టుకోవడం మాత్రం మొదటి ఉత్తరంలోనే జరగాలి.

కాపీ ఇవ్వకుండానే ఆర్డరు వస్తే, డిమాండు నోటీసు అందిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి. వసూలు ఆపించుకోవడానికి మామూలుగా డిమాండులో 20 శాతం కట్టమంటారు, ఆ డబ్బు సిద్ధం చేసుకోవాలి. అప్పీలు అధికారి ఆ కాపీలు తెప్పించి అప్పుడు మీకు ఇవ్వొచ్చు, లేదా తిరిగి కింది ఆఫీసరును నివేదిక అడగొచ్చు. చూపలేదని తేలగానే 18 లక్షలూ ఎగిరిపోతాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. చాలాసార్లు మళ్లీ విచారించమని పంపుతారు. అలా పంపినా మీ రెండు ఉత్తరాలు, రెండు రసీదులు ఫైల్లో ఉంటే మేనేజరు స్టేట్‌మెంట్ పూర్తి కాపీ మీ చేతికిచ్చాకే ఆ రెండో విచారణ మొదలవ్వాలని గట్టిగా అడగొచ్చు.